ఆర్‌సీఏ ఎవరు రాశారని క్లయింట్ అడిగే లోపే మీరే చెప్పండి: ఐటీ సర్వీసెస్ డెలివరీ పెద్దలకు అనంతపురం నుంచి ఒక బహిరంగ లేఖ

డెలివరీ హెడ్‌లకు, అకౌంట్ మేనేజర్లకు, ప్రాజెక్టు మేనేజర్లకు నమస్కారం.

నేను ప్రొడక్షన్ సపోర్ట్‌లో పనిచేసే ఇంజినీర్‌ని. ఆఫీసు బెంగళూరులో, నెలలో ఎక్కువ రోజులు ఉండేది అనంతపురంలో. మా టీంలో సగం మంది మన సీమ పిల్లలే. కడప, కర్నూలు, ధర్మవరం, ప్రొద్దుటూరు నుంచి వచ్చి, ఇక్కడి కాలేజీల్లోనే చదివి, రాత్రి షిఫ్టుల్లో యూరప్ వాళ్ల సిస్టమ్స్ పడిపోకుండా చూసుకుంటున్నారు. ఈ లేఖ ఏ ఒక్క కంపెనీ మీదా రాస్తున్నది కాదు, వేరే కంపెనీల్లో ఉన్న నా క్లాస్‌మేట్స్‌తో మాట్లాడినా ఇదే కథ వినిపిస్తోంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నా.

విషయం సూటిగా చెప్తా. ఇవాళ క్లయింట్‌కి వెళ్లే డాక్యుమెంట్లలో, ఈమెయిల్స్‌లో చాలావాటికి మొదటి డ్రాఫ్ట్ రాసేది చాట్‌జీపీటీ లాంటి లాంగ్వేజ్ మోడలే. అది మీకు తెలుసు, మాకు తెలుసు, క్లయింట్‌కి అనుమానం ఉంది. కానీ ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. ఆ మౌనం వల్ల ఏమైనా తేడా వస్తే చివరికి దొరికిపోయేది డాక్యుమెంట్ కింద పేరున్న ఇంజినీర్ ఒక్కడే. ఈ పద్ధతి మారాలని అడగడానికే ఈ లేఖ.

మాటలతో చెప్తే తేలిపోతుంది కాబట్టి ఒక సంఘటన పూర్తిగా చెప్తాను.

ఒక యూరప్ రిటైల్ క్లయింట్‌కి ఇన్‌వాయిస్‌లు తయారుచేసే సర్వీస్ ఒకటుంది. ఒక రాత్రి రెండు గంటలకి అది ఆగిపోయింది. ఆన్‌కాల్‌లో ఉన్నది కడప నుంచి వచ్చిన ఒక కుర్రాడు, చేరి రెండేళ్లు కూడా కాలేదు, పని మాత్రం బాగా తెలిసినవాడు. లాగ్ తెరిచి చూస్తే ఈ లైన్ వందల సార్లు ఉంది:

```
HikariPool-1 - Connection is not available, request timed out after 30000ms.
```

అంటే డేటాబేస్ కనెక్షన్ల పూల్‌లో ఖాళీ కనెక్షన్ ఒక్కటీ లేదు, ముప్పై సెకన్లు ఎదురుచూసి రిక్వెస్ట్ వెనక్కి వచ్చేసింది. సర్వీస్ రీస్టార్ట్ చేశాడు, అంతా మామూలైపోయింది. ఆ టైమ్‌లో చేయాల్సింది అదే.

కాంట్రాక్ట్ ప్రకారం ఇలాంటి పీ1 టికెట్‌కి మూడు పనిదినాల్లో ఆర్‌సీఏ ఇవ్వాలి. అంటే అసలు కారణం ఏంటి, ఏం సరిచేశాం, మళ్లీ రాకుండా ఏం చేస్తున్నాం అని రాసిచ్చే కాయితం. వరసగా నైట్ షిఫ్టులు చేసి నిద్ర లేని కుర్రాడికి "సాయంత్రానికి పంపెయ్, క్లయింట్ వెయిటింగ్" అని చాట్‌లో మెసేజ్ వచ్చింది. అతను టికెట్‌లో ఉన్న నోట్స్, లాగ్‌లో ఓ ముక్క, కంపెనీ టెంప్లేట్‌లోని హెడ్డింగులు తీసుకెళ్లి మోడల్‌కి ఇచ్చాడు. ఐదు నిమిషాల్లో నాలుగు పేజీల ఆర్‌సీఏ తయారైంది. ఇంగ్లీష్ ఎక్కడా తడబడలేదు. లీడ్ పైపైన చూశాడు, మేనేజర్ ఫార్వర్డ్ కొట్టాడు.

అందులో ఏముందో చూడండి. కారణం కింద, రిక్వెస్టులు ఒక్కసారిగా పెరగడంతో పూల్ సరిపోలేదని ఉంది. సరిదిద్దిన చర్యల కింద మూడు వాక్యాలున్నాయి. పూల్ సైజు పెంచాం, వాడకం 80 శాతం దాటితే హెచ్చరిక వచ్చేలా అలర్ట్ పెట్టాం, లోడ్ టెస్ట్ చేసి నిర్ధారించుకున్నాం.

పూల్ సైజు పదినుంచి ఇరవైకి పెంచిన మాట నిజం. అలర్ట్ ఎవరూ పెట్టలేదు, లోడ్ టెస్ట్ ఎవరూ చేయలేదు. మరి ఆ వాక్యాలు ఎక్కడినుంచి వచ్చాయి? కుర్రాడు అబద్ధం రాయమని మోడల్‌ని అడగలేదు. మోడల్ చదివిన వేల ఆర్‌సీఏల్లో ఆ హెడ్డింగ్ కింద సాధారణంగా ఉండేవి అవే వాక్యాలు, అదీ "చేశాం" అనే భూతకాలంలోనే. హెడ్డింగ్ ఇచ్చి కింద ఖాళీ వదిలితే అది నింపేస్తుంది. అక్కడ నింపడానికి ఏమీ లేదని చెప్పే మనిషి ఉండాలి, ఆ మనిషికి ఆ రోజు నిద్ర లేదు.

కారణం సంగతి ఇంకా ముఖ్యం. ఆ లాగ్ లైన్ చెప్పేది కనెక్షన్ దొరకలేదని మాత్రమే. ఎందుకు దొరకలేదో అందులో లేదు. రెండు రకాలుగా పూల్ నిండుతుంది. ఒకటి, నిజంగానే పని ఎక్కువై అన్ని కనెక్షన్లూ బిజీగా ఉండటం. రెండోది, కోడ్‌లో ఎవరో కనెక్షన్ తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం, అంటే లీక్. పని ఎక్కువైతే, ఆ ఒత్తిడి తగ్గగానే కనెక్షన్లు ఖాళీ అవుతాయి. లీక్ అయితే ఒక్క రిక్వెస్ట్ లేకపోయినా పూల్ నిండే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తేనే ఖాళీ అవుతుంది. రాత్రి రెండింటికి ఆ సిస్టమ్ మీద పెద్దగా ఒత్తిడి ఉండదని ఆ అకౌంట్‌లో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు. మోడల్‌కి అది తెలియదు. బయట ఎక్కువగా కనిపించే కారణాన్ని తెచ్చి అక్కడ పెట్టింది.

రెండు వారాలు తిరిగేసరికి అదే సర్వీస్, అదే టైమ్‌కి, అదే ఎర్రర్‌తో మళ్లీ పడిపోయింది. బ్రిడ్జ్ కాల్‌లో క్లయింట్ వైపు ఇంజినీర్ పాత ఆర్‌సీఏని స్క్రీన్ మీద తెరిచి నెమ్మదిగా అడిగాడు, ఈ 80 శాతం అలర్ట్ ఎవరి మెయిల్‌కి వచ్చింది అని. కాల్‌లో పదిమంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. లోడ్ టెస్ట్ రిపోర్ట్ పంపగలరా అన్నాడు. దానికీ జవాబు లేదు. అప్పుడు మూడో ప్రశ్న వచ్చింది: ఈ డాక్యుమెంట్ ఎవరు రాశారు, ఏఐ టూల్ ఏమైనా వాడారా?

ఆ ప్రశ్నకి మేనేజర్ చెప్పిన జవాబు, "మా టీం ప్రిపేర్ చేసింది, చెక్ చేసి చెప్తాం" అని. అదే నిమిషంలో కుర్రాడికి విడిగా చాట్‌లో మెసేజ్ పెట్టాడు, "ఎవరు వాడమన్నారు నిన్ను?" అని. ఆ పిల్లోడు ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపి, "అన్నా, ఉద్యోగం ఉంటుందా పోతుందా?" అని అడిగాడు. ఆ నెల మొదట్లోనే జెనరేటివ్ ఏఐ కోర్సు పూర్తిచేయని వాళ్ల పేర్లు లిస్ట్ చేసి టీం మొత్తానికి మెయిల్ పంపింది కూడా అదే మేనేజ్‌మెంట్.

అసలు కారణం దొరకడానికి ఒక్క రాత్రి పట్టింది. `leakDetectionThreshold` అనే సెట్టింగ్ మామూలుగా సున్నాలో, అంటే ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని 60000 చేస్తే, నిమిషానికి మించి ఎవరైనా కనెక్షన్ పట్టుకుని కూర్చుంటే ఏ లైన్ దగ్గర తీసుకున్నారో లాగ్‌లో చూపిస్తుంది. చూస్తే, మొదటిసారి పడిపోవడానికి వారం ముందు రిలీజ్‌లో చేరిన ఒక రిపోర్ట్ జాబ్. ఏదైనా స్టోర్ డేటా రాకపోతే ఎక్సెప్షన్ వస్తుంది, ఆ దారిలో కనెక్షన్ మూసే కోడ్ లేదు. రాత్రికి ఒకటో రెండో కనెక్షన్లు అలా పోతూ ఉన్నాయి. పది ఉన్నప్పుడు వారంలో నిండింది, ఇరవై చేశాక రెండు వారాలు పట్టింది, అంతే తేడా. మనం సరిచేశామని రాసిచ్చిన పని నిజానికి రెండో ఫెయిల్యూర్‌ని ఒక వారం వెనక్కి నెట్టింది.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఈ కథలో మోడల్ వాడటం వల్ల వచ్చిన నష్టం కంటే, వాడామని ఎక్కడా రాయకపోవడం వల్ల వచ్చిన నష్టం ఎక్కువ. డాక్యుమెంట్ పైన "సారాంశం, టైమ్‌లైన్ టూల్‌తో డ్రాఫ్ట్ చేసినవి, కారణం ఇంకా నిర్ధారణ కాలేదు" అని ఒక లైన్ ఉండి ఉంటే, లీడ్ ఏ పేజీ ఆగి చదవాలో తెలిసేది. క్లయింట్ ఇంజినీర్ కూడా మొదటి రోజే ఆ కారణాన్ని ప్రశ్నించేవాడు. డిస్‌క్లోజర్ అంటే క్లయింట్ ముందు తలవంచుకోవడం అని మీరు అనుకుంటున్నట్టున్నారు. చదివేవాడికి ఎక్కడ జాగ్రత్తగా చదవాలో చెప్పడమే దాని అసలు ప్రయోజనం.

పెద్ద కంపెనీలకి కూడా ఇది తప్పలేదు. 2025లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ఉపాధి శాఖకి డెలాయిట్ ఇచ్చిన ఒక రిపోర్టులో అసలు లేని పరిశోధనా పత్రాల ప్రస్తావనలు, ఒక కోర్టు తీర్పు నుంచి కల్పిత ఉల్లేఖన బయటపడ్డాయి. బయటపెట్టింది సిడ్నీ యూనివర్సిటీకి చెందిన ఒక పరిశోధకుడు. కాంట్రాక్ట్ విలువ సుమారు 4,40,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, అందులో చివరి విడత వెనక్కి ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. ఏఐ వాడామన్న మాట సవరించిన రిపోర్టులో గానీ కనబడలేదు. రిపోర్టు అసలు సారాంశం, సిఫార్సులు మారలేదని శాఖ చెప్పింది, అయినా ప్రపంచమంతా గుర్తుపెట్టుకుంది వెనక్కిచ్చిన డబ్బునే. అదే లైన్ మొదటి వెర్షన్‌లోనే ఉండి ఉంటే చర్చ ఇంకోలా ఉండేది.

ఇక ఈమెయిల్స్. ఇవి చిన్న విషయం అనుకుంటారు, కానీ సపోర్ట్ అకౌంట్‌లో ఈమెయిల్ కూడా రికార్డే. ఒక అవుటేజ్ మెయిల్‌ని "కాస్త ప్రొఫెషనల్‌గా రాయి" అని మోడల్‌కి ఇస్తే అది మర్యాద కోసం చాలా దూరం వెళ్తుంది. జరిగిన దానికి పూర్తి బాధ్యత మాదే అంటుంది, ఇది మళ్లీ జరగదని హామీ ఇస్తుంది, సమగ్రంగా సమీక్షించామంటుంది. అవుటేజ్‌కి కారణం క్లయింట్ నెట్‌వర్క్‌లో ఉందో మన కోడ్‌లో ఉందో ఇంకా తేలనే లేదు, ఈలోపే మన వైపు నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు వెళ్లిపోయింది. నెలాఖరుకి ఎస్‌ఎల్‌ఏ లెక్కలు తీసి సర్వీస్ క్రెడిట్ అడిగేటప్పుడు క్లయింట్ వాళ్లు చూపించేది ఆ మెయిలే. మన ఊళ్లో పిల్లోడు మామూలుగా తన ఇంగ్లీష్‌లో రాసి ఉంటే "చూస్తున్నాం, నాలుగింటికి అప్‌డేట్ ఇస్తాం" అని రెండు లైన్లు రాసేవాడు. ఆ రెండు లైన్లే సరైన మెయిల్.

మరి వాడొద్దని నిషేధించేస్తే సరిపోతుందా అంటే, ఇప్పటికే చాలా అకౌంట్లలో కాయితం మీద నిషేధం ఉంది. జరిగేదేంటో చెప్తా. క్లయింట్ ఇచ్చే రిమోట్ డెస్క్‌టాప్, అంటే వీడీఐలో కాపీ-పేస్ట్ ఉండదు, చాట్ సైట్లన్నీ బ్లాక్. డెడ్‌లైన్ మాత్రం మారదు. దాంతో స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, ఫోన్‌లోనే సొంత అకౌంట్‌లో ఫ్రీ వెర్షన్‌కి ఇస్తున్నారు. ఆ ఫొటోలో కస్టమర్ల ఈమెయిల్ ఐడీలు ఉంటాయి, సర్వర్ పేర్లు ఉంటాయి, కొన్నిసార్లు టోకెన్లు కూడా. కంపెనీ కొనిచ్చిన ఎంటర్‌ప్రైజ్ టూల్‌లో అయితే ఇచ్చిన డేటాని మామూలుగా ట్రైనింగ్‌కి వాడరు, ఎవరు ఏం ఇచ్చారో లాగ్ ఉంటుంది. సొంత ఫ్రీ అకౌంట్‌లో సెట్టింగ్ మార్చకపోతే ట్రైనింగ్‌కి వాడే అవకాశం ఉంది, మన దగ్గర రికార్డేమీ ఉండదు. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీకి ఇచ్చిన సంగతి బయటికొచ్చి, ఆ ఏడాది మేలో కంపెనీ అలాంటి టూల్స్‌ని ఆపేయాల్సి వచ్చింది. మీరు మంచి టూల్ ఇవ్వకుండా నిషేధం ఒక్కటే ఇస్తే, వాడకం తగ్గదు, మీ కంటికి కనబడకుండా పోతుంది.

యూరప్ క్లయింట్ల విషయంలో ఇది వట్టి పాలసీ గొడవ కూడా కాదు. జీడీపీఆర్‌లో ఆర్టికల్ 28 ఉంది. వాళ్ల కస్టమర్ల డేటాని మనం ప్రాసెస్ చేస్తున్నప్పుడు, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకో సంస్థని ఆ పనిలోకి తీసుకురాకూడదు. ఫోన్‌లో పెట్టిన ఆ ఫొటో సరిగ్గా అలాంటి పనే. అదే సమయంలో కొందరు మేనేజర్లు "ఈయూ ఏఐ చట్టం వచ్చింది, ప్రతి మెయిల్ కింద ఏఐ అని రాయాలేమో" అని టెన్షన్ పెడుతున్నారు. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో టెక్స్ట్ గురించి చెప్పే ఆర్టికల్ 50 ప్రధానంగా ప్రజలకి ప్రజా విషయాల మీద సమాచారం ఇవ్వడానికి ప్రచురించే రాతల గురించి. అక్కడ కూడా మనిషి సమీక్షించి సంపాదకీయ బాధ్యత తీసుకుంటే మినహాయింపు ఉంది. మన ఆర్‌సీఏకి, సిస్టమ్‌ని నడిపే స్టెప్పులు రాసుకునే రన్‌బుక్‌కి ఏం చెప్పాలో నిర్ణయించేది ముఖ్యంగా క్లయింట్‌తో మనం చేసుకున్న ఒప్పందాలు, అంటే మన ఎంఎస్‌ఏ, మన ఎస్‌ఓడబ్ల్యూ. అవి రాసేది మీరు. వాటిని మాకు చూపించను కూడా చూపించరు.

ఇంత తెలిసీ మీరెందుకు మాట్లాడట్లేదో కూడా నాకు అర్థమవుతోంది, అందుకే దాన్ని కూడా బయటపెట్టి మాట్లాడుకుందాం. బిల్లింగ్. గంటల లెక్కన బిల్ చేసే టైమ్ అండ్ మెటీరియల్ అకౌంట్‌లో ఒక రన్‌బుక్‌కి పదహారు గంటలు అని ఎస్టిమేట్‌లో ఉంది. డ్రాఫ్ట్ నలభై నిమిషాల్లో వచ్చేస్తోంది. టూల్ వాడామని చెప్తే, మిగతా గంటలు ఏమయ్యాయని క్లయింట్ ప్రొక్యూర్‌మెంట్ వాళ్లు అడుగుతారు, రేటు తగ్గించమంటారు. అందుకని డెలివరీ వైపు గప్‌చుప్. సేల్స్ వైపు మాత్రం అదే క్లయింట్‌కి ఏఐతో ప్రొడక్టివిటీ ఇంత పెంచాం అని స్లైడ్లు వేసి చూపిస్తారు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్న ఇంజినీర్ టైమ్‌షీట్‌లో ఏం రాయాలో మీలో ఒక్కరూ ఇంతవరకు రాతపూర్వకంగా చెప్పలేదు. "ఎస్టిమేట్ ఎంతుంటే అంత నింపెయ్" అని నోటిమాటగా చెప్తారు. రేపు ఆడిట్‌లో ఆ టైమ్‌షీట్ మీద ఉండేది మా పేరు.

నిజానికి ఆ పదహారు గంటలు మొత్తం మాయం కాలేదు. రన్‌బుక్‌లో ఇరవై ఐదు కమాండ్లు ఉంటే, ఒక్కొక్కటీ టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో నడిపి చూడాలి, అవుట్‌పుట్ అలాగే వస్తుందా చూడాలి, రోల్‌బ్యాక్ స్టెప్ నిజంగా వెనక్కి తెస్తుందా చూడాలి. మోడల్ రాసిన కమాండ్లో మన వెర్షన్‌లో లేని ఆప్షన్ ఉండొచ్చు, చూస్తే అచ్చం నిజమైనదానిలాగే ఉంటుంది, నడిపితే గానీ తెలియదు. మనిషి రాసినప్పుడు నడుపుతూ రాస్తాడు కాబట్టి పరీక్ష దానంతటదే అయిపోయేది. ఇప్పుడు రాత ముందు వచ్చేస్తోంది, పరీక్ష విడిగా పెట్టుకోవాల్సి వస్తోంది. ఐదారు గంటలు దానికే పోతాయి. ఆ గంటల్ని "వెరిఫికేషన్" అని పేరు పెట్టి, ఎస్‌ఓడబ్ల్యూలో లైన్ వేసి, ధైర్యంగా బిల్ చేయండి. పదహారు తగ్గి ఏడో ఎనిమిదో అవుతుంది, నిజమే. కానీ ఆ ఏడెనిమిది గంటలకి రుజువు ఉంటుంది, క్లయింట్ ఇంకోసారి రెన్యూ చేస్తాడు.

ఇంకో విషయం మీరు తప్పక వినాలి, ఇది మా ప్రాంతం పిల్లలకి బాగా తగిలేది. కొందరు మేనేజర్లు ఏఐ డిటెక్టర్ సైట్లలో టీం మెయిల్స్ వేసి చూస్తున్నారు. "నీ ఇంగ్లీష్ ఒక్కసారిగా ఇంత బాగెట్లా అయింది?" అని ఒక అమ్మాయిని రివ్యూ మీటింగ్‌లో అందరి ముందు అడిగారు. ఆమె పదో తరగతి దాకా తెలుగు మీడియం, కర్నూలు జిల్లాలో ప్రభుత్వ బడి. ఆమెకి వచ్చిన టెక్నికల్ బుర్ర టీంలో ఇంకెవరికీ లేదు, కానీ ఇన్నేళ్లూ మెయిల్ రాయాలంటే భయపడి, ఆమె కనిపెట్టిన సమస్యల్ని వేరేవాళ్ల పేరుతో పంపేవాళ్లు. ఇప్పుడు తన మాటని తనే రాసి, మోడల్‌తో వ్యాకరణం సరిచేయించుకుని పంపుతోంది. అందులో విషయం ఆమెది, నిర్ణయం ఆమెది. దాన్ని దొంగతనంలాగా చూడటం అన్యాయం.

పైగా ఆ డిటెక్టర్లని నమ్మడానికి లేదు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీనే తన డిటెక్టర్‌ని 2023 జూలైలో కచ్చితత్వం తక్కువని ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లని పరీక్షిస్తే, ఇంగ్లీష్ మాతృభాష కాని వాళ్లు టోఫెల్ కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని తప్పుగా చెప్పాయి. కారణం సులభం, తక్కువ పదాలతో, అలవాటైన వాక్యాలతో రాస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కి యంత్రం రాసినట్టు కనబడుతుంది. మనలో చాలామంది ఇంగ్లీష్ రాసేది అలాగే. అంటే మోడల్ వాడకపోయినా పట్టుబడే పరిస్థితి మాది. దయచేసి ఆ సైట్లు మూసేయండి. క్లయింట్ డేటా ఉన్న మెయిల్స్‌ని ఆ సైట్లలో వేయడం కూడా ఇందాక చెప్పిన ఫోన్ ఫొటో లాంటి తప్పే.

అందుకే నేనడిగేది ఇది. గీత ఎక్కడ గీయాలో కాంట్రాక్ట్ స్థాయిలో తేల్చండి, మెయిల్ మెయిల్‌కీ ఇంజినీర్ నెత్తిన వదిలేయకండి. నా దృష్టిలో గీత ఎక్కడుండాలంటే, వ్యాకరణం, పదాలు, టోన్ సరిచేయించుకోవడానికి ఒక్కో మెయిల్‌లో చెప్పాల్సిన పనిలేదు, ఆమోదించిన టూల్‌తో భాష సరిచేసుకుంటాం అని ఎస్‌ఓడబ్ల్యూలో ఒక్కసారి రాస్తే చాలు. విషయం, అంటే కారణం, కమాండు, టైమ్‌లైన్, చేశామన్న పని, ఇవి మోడల్ రాసిన డ్రాఫ్ట్‌లో నుంచి వస్తే డాక్యుమెంట్ రివిజన్ హిస్టరీ టేబుల్‌లోనే చెప్పాలి. ఆ టేబుల్ ఎలాగూ ప్రతి డాక్యుమెంట్‌లో ఉంది, వెర్షన్, తేదీ, రాసినవారు, చూసినవారు అని. పక్కన ఇంకో రెండు గడులు పెట్టండి: ఏ సెక్షన్లు టూల్‌తో డ్రాఫ్ట్ చేశారు, వాటిని ఎవరు ఎలా సరిచూశారు. ఆర్‌సీఏలో ఇంకొకటి తప్పనిసరి చేయండి. చేశామన్న ప్రతి పని పక్కన రుజువు, అంటే అలర్ట్ అయితే దాని లింకు, మార్పు అయితే చేంజ్ టికెట్ నంబరు, టెస్ట్ అయితే రిపోర్ట్. ఈ ఒక్క గడి ఉండి ఉంటే ఆ 80 శాతం అలర్ట్ వాక్యం క్లయింట్ దాకా పోయేదే కాదు, ఎందుకంటే అక్కడ పెట్టడానికి లింకు దొరకదు. కస్టమర్ డేటా ఉన్న లాగ్ మాత్రం క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకున్న టూల్ తప్ప ఇంకెందులోకీ పోకూడదు, దాంట్లో బేరం లేదు.

క్లయింట్ ఒప్పుకోకపోతే? కొందరు ఒప్పుకోరు. బ్యాంకులు, ఆసుపత్రుల డేటా ఉన్నవాళ్లు అసలు వద్దనొచ్చు. అది వాళ్ల హక్కు, మేం పాటిస్తాం. అప్పుడు ఆ మాట ఆన్‌బోర్డింగ్ రోజే మాకు కాయితం మీద ఇవ్వండి, మూడు రోజుల ఆర్‌సీఏ గడువుని ఐదు చేయించండి, నైట్ షిఫ్ట్ చేసినవాడి చేత అదే సాయంత్రం ఆర్‌సీఏ రాయించకండి. వాడొద్దని ఒక చేత్తో రాసి, వాడితే తప్ప కుదరని గడువు ఇంకో చేత్తో ఇవ్వడం ఆపండి.

ఆ కడప కుర్రాడి మీద పెట్టిన ఎస్కలేషన్ ఇంకా అతని ఫైల్‌లోనే ఉంది. ఆ ఆర్‌సీఏని చదవకుండా దాటించిన ఇద్దరి మీద ఏమీ లేదు. అలాంటి కేసులు మీ అకౌంట్లలో ఉంటే మళ్లీ తెరిచి చూడండి, రాసినవాడితో పాటు సంతకం పెట్టినవాళ్లని కూడా అడగండి. వచ్చే క్వార్టర్లీ రివ్యూ మీటింగ్ ఎజెండాలో ఈ విషయాన్ని ఒక అంశంగా వేసి, క్లయింట్ ఏమన్నాడో మినిట్స్‌లో రాసి, ఆ మినిట్స్ టీంలో చివరి ఫ్రెషర్ దాకా పంపండి. మీరు పిలిస్తే ఆ టేబుల్ ఎలా ఉండాలో, రుజువు గడిలో ఏం రావాలో కూర్చుని రాసివ్వడానికి మా టీం నుంచి నలుగురం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ప్రొడక్షన్ సపోర్ట్ ఇంజినీర్,
అనంతపురం